ఆండాలమ్మ వంతు

ఆండాలమ్మ మా పోర్షన్‌కు వచ్చిన రోజు నాకు ముందు వచ్చింది కోపమే. బడి నుంచి వచ్చేసరికి గుమ్మం పక్కన టైరు చెప్పులు, హాల్లో నా కుర్చీ మీద మడతపెట్టిన గొంగడి. ఫ్రిజ్ ప్లగ్గు ఊడి నేల మీద పడి ఉంది. దాని జాగాలో ఒక తెల్లటి డబ్బా మిషన్ ప్లగ్గు పెట్టి ఉంది. అది గుర్రుమంటోంది. దాన్నుంచి సన్నటి గొట్టం ఒకటి, గోడకు ఆనుకుని కూర్చున్న ఒక బక్కపల్చటి పెద్దామె ముక్కు దాకా పోయింది.

"ఫ్రిజ్ ప్లగ్గు ఎవరు తీశారు? నా పెరుగు పులిసిపోదూ?" అని అరిచాను. నా గొంతు పుట్టుకతోనే పెద్దది. దానికి తోడు రోజంతా నాలుగో తరగతి పిల్లల మీద అరిచి అరిచి ఇంకా పదునెక్కింది.

ఆమె తొణకలేదు, బెణకలేదు. "నేనే తీసిన బిడ్డా. పెరుగు పులిస్తె పులుసు పెట్టుకుంటం. నేను పులిస్తె ఏం జేస్తవ్?" అంది.

ఇంక నేనేం కోప్పడతాను? నవ్వొచ్చేసింది. నేను నవ్వడం చూసి వంటగదిలోంచి కవిత బయటికి వచ్చింది. అప్పటిదాకా నాకు భయపడి లోపలే ఉందట.

నా పేరు దీవెన. కోదాడ అవతల అనంతగిరి మాది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బళ్లో చెబుతాను. ఈ పోర్షన్‌లో నాతోపాటు ఇద్దరుంటారు. కవిత బట్టల షాపులో క్యాషియర్. వాళ్లది పెన్‌పహాడ్ మండలంలో గొర్రెలు కాసే ఇల్లు. నీలా మిర్యాలగూడ దగ్గరి తండా పిల్ల, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని రోజంతా గదిలోనే కూర్చుని ఏదో కంపెనీ ఫోన్లు మాట్లాడుతుంది. ఆండాలమ్మ కవిత తల్లి. ఊపిరితిత్తులు చెడిపోయి దవాఖానలో పడి, ఆ రోజే బయటపడింది. రోజుకు పదహారు గంటలైనా ఆక్సిజన్ మిషన్ పెట్టాలి, వారం వారం చూపించాలి అన్నాడు డాక్టరు. ఊరికి పోదామంటే ఇంట్లో మనిషి లేడు. వరికోతలు అయ్యాయంటే వాళ్ల నాయన దుర్గయ్య మందను తోలుకుని హాలియా వైపు పోతాడు, అక్కడి రైతుల పొలాల్లో ఎరువుకు మంద పెట్టి నాలుగు రూపాయలు తెచ్చుకోవడానికి. పైగా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకే కవిత ఇక్కడికి తీసుకొచ్చింది. మమ్మల్ని అడగలేదు. అడిగితే నేను కాదనేదాన్ని కాదు గానీ, అడగనందుకు మాత్రం రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాను.

మూడో రోజుకు నా ముఖం దానంతటదే మామూలైంది. ఆండాలమ్మ పక్కన కోపంగా ఉండటం కుదరని పని. ముక్కులో గొట్టం పెట్టుకునే చిక్కుడుకాయలు ఒలిచేది. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదింది, మంద ఎక్కడుంటే అక్కడికి తలమీద అన్నం గంప పెట్టుకుని నడిచింది. ఆ పొగా ఆ నడకా ఆమె ఛాతీలోకి చేరి కూర్చున్నాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. నీలా గదిలోంచి ఇంగ్లీషూ హిందీ కలిపి వినపడుతుంటే, "ఎవలతోని కొట్లాడుతున్నది ఈ పిల్ల? పొద్దుగాల షురూ జేస్తె పొద్దుగూకిందాక ఒడువదేంది?" అనేది. నన్ను 'టీచరమ్మా' అని పిలిచేది. నా జడ చూసి, "గంత నూనె పెడితె ఈగలు జారి పడతయ్" అని ఒకసారి అంటే, ఆ రోజంతా బళ్లో నా చెయ్యి నెత్తి మీదికే పోయింది.

ఇక్కడ మా ఇంటి లెక్క చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు.

మా పోర్షన్‌కు విడిగా మీటరుంది. ఊళ్లో మా ఇల్లు తమ్ముడు అమ్మేశాక నాకు మిగిలింది రేషన్ కార్డు ఒక్కటే. దాన్ని ఈ మీటరుకు కలిపించుకున్నాను. అందువల్ల నెలకు రెండొందల యూనిట్ల లోపు కాలితే మాకు జీరో బిల్లు. పైసా కట్టక్కర్లేదు. అయితే అందులో ఒక మెలిక ఉంది. రెండొందల మీద ఒక్క యూనిట్ ఎక్కిందో, ఆ ఒక్కదానికే కట్టి ఊరుకుంటామంటే కుదరదు. ఆ నెల మొదటి యూనిట్ నుంచి మొత్తానికీ కట్టాలి. వెయ్యి రూపాయల పైమాటే. మామూలు నెలల్లో మా ముగ్గురికీ నూట ఇరవై దాటేది కాదు. కాబట్టి పంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఇంటర్నెట్టు బిల్లు ఒక్కటే ఉండేది. అది నెలకు ఏడొందలు. వాడినా వాడకున్నా అంతే. నీలాకు అదే బతుకుదెరువు గనుక సగం తనది, మిగతా సగం కవితా నేనూ.

పోయిన మే నెలలో ఈ ఏర్పాటుకు తూట్లు పడ్డాయి. నేను బడి సెలవులకు ఇరవై రోజులు ఊళ్లో మేనత్త ఇంట్లో ఉన్నాను. నీలా పగలంతా కూలర్ పెట్టుకుని పనిచేసింది. ఎండలు అలా ఉన్నాయి మరి, పాపం. ఫ్యాన్లు కూడా రాత్రింబవళ్లు ఆగలేదు. బిల్లు రెండొందల అరవై యూనిట్లు, పదహారు వందల రూపాయలు వచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి ఇంట్లో కురుక్షేత్రం. కవిత క్యాష్ కౌంటర్‌లో కూర్చునే మనిషి, ఆమె దగ్గర మొహమాటానికి చోటు లేదు. "కూలర్ లేకుంటే జీరో వస్తుండె. జీరో వచ్చేదాన్ని పోగొట్టినోళ్లే మొత్తం కట్టాలె. ఫ్యాన్ కింద పడుకున్నదానికి నేనెందుకు కట్టాలె?" అంది. వినడానికి సబబుగానే ఉంది. నేను ఊళ్లో లేను కదా అని ఊరుకున్నాను. నీలా మారుమాటాడకుండా పదహారు వందలూ కట్టేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అది చట్టమైంది. రెండొందలు దాటించినవాళ్లదే బిల్లు.

ఇప్పుడు ఆండాలమ్మ మిషన్. గంటకు మూడొందల యాభై వాట్లు తింటుంది. పదహారు గంటలకు అయిదున్నర యూనిట్లు. ఆమె వచ్చి నాలుగు రోజులయ్యాక, అన్నాలు తింటుండగా ఆ లెక్క వేసింది కవితే. "ఈ నెల రెండొందలు దాటుతది. అవ్వ మిషన్‌తోనే దాటుతది. రూల్ పెట్టింది నేనే గదా, బిల్లు మొత్తం నేనే కడత. మీరు ఒక్క రూపాయి ఇయ్యొద్దు" అంది.

"చూద్దాంలే, బిల్లు రానీ" అన్నాను నేను. నీలా పళ్లెంలోకి చూస్తూ ఊరుకుంది. ఆమె ఎందుకు ఊరుకుందో నాకు తెలుసు. వద్దంటే మే నెల సంగతి ఎత్తినట్టవుతుంది, సరేనంటే మనిషే కాదనిపిస్తుంది. ఆండాలమ్మ గోడ పక్కన కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటోంది. "రెండొందలంటే ఏందే కవితా?" అని అడిగింది. కవిత ఓపిగ్గా అంతా చెప్పింది. హద్దు ఎక్కడ, దాటితే ఎంత, ఎవరు కట్టాలి, అన్నీ. తల్లికి చెప్తున్నాననుకుంది గానీ, ఏం చెప్తోందో కవితకే తెలియలేదు. మాకు మాత్రం తెలిసిందా!

ఆ తర్వాత వారం ఇల్లు ప్రశాంతంగా గడిచింది. నేను బడికి, కవిత షాపుకు పోతే ఇంట్లో నీలా, ఆండాలమ్మ ఉండేవాళ్లు. నీలా తలుపు వేసుకుని ఫోన్లలో ఉండేది. సాయంత్రం మేం వచ్చేసరికి మిషన్ గుర్రుమంటూ ఉండేది, ఆండాలమ్మ గొట్టం పెట్టుకుని కూర్చుని ఉండేది. కాకపోతే మాటలు తగ్గాయి. తలనొప్పి అనేది. నా జడ మీద కూడా ఏమీ అనలేదు. పాదాలు వాచాయని కవిత అంటే, "కూసోని కూసోని వాసినయ్" అని కొట్టిపారేసింది.

ఒక సాయంత్రం నేను మెట్ల కింది మీటరు చూసొచ్చాను. నెల సగం దాటింది, ఎక్కడున్నామో తెలుసుకుందామని. పైకొచ్చి చెప్పాను. "వింతగా ఉందే. నేను నూట ఇరవై అనుకున్నా. ఇంకా వంద కూడా కాలేదు."

కవిత ముఖం వెలిగిపోయింది. "అయితే దాటదేమో! మిషన్ మనమనుకున్నంత తింటలేదు."

నీలా అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "మిషన్ తక్కువెట్ల తింటది కవితక్కా? తిప్పకపోతేనే తక్కువ" అంది మెల్లగా. తర్వాత నా వైపు తిరిగింది. "అక్కా, మొదట్ల కస్టమర్లు 'ఏంది మేడమ్ వెనక ఆ చప్పుడు' అని అడిగేటోళ్లు. మా టీమ్ లీడర్ గూడ తిట్టిండు. నేను తలుపు కింద తువ్వాల కుక్కిన. వారం నుంచి ఎవ్వలడుగుతలేరు. తువ్వాల పనిచేసిందనుకున్న."

ముగ్గురం ఒకేసారి ఆండాలమ్మ వైపు చూశాం. ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, పోతున్నట్టు ఉందో తెలియలేదు. లేపి అడగడానికి మాకు ధైర్యం చాలలేదు. మిషన్ ఎదురుగా తిరుగుతూనే ఉంది కదా, ఒట్టి అనుమానమేమో అని సర్దిచెప్పుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం మిషన్ చప్పుడు వినపడటం లేదని నీలా మాట్లాడుతున్న కాల్ మధ్యలో వదిలేసి హాల్లోకి వచ్చింది. మిషన్ ఆపి ఉంది. గొట్టం చక్కగా చుట్టి దాని మీదే పెట్టి ఉంది. ఆండాలమ్మ రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, నోటితో గాలి లాగుతోంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. వేలికి పెట్టే చిన్న మిషన్ పెట్టి చూస్తే ఆక్సిజన్ డెబ్బై ఎనిమిదే చూపించింది. నీలా ఫోన్ చేస్తే నేను క్లాసులో ఉన్నాను. ఆ పిల్లకు మాట రావట్లేదు. రోజుకు వంద మందితో మాట్లాడే పిల్ల, "అక్కా రా, అక్కా రా" అని అదే అంటోంది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే నా కోపం ఆగలేదు. ఒళ్లో ఆమె తల పెట్టుకునే తిట్టాను. "నీకేం పోయేకాలం పెద్దమ్మా! ఎవరు ఆపమన్నారు? పదహారు గంటలు పెట్టమని డాక్టరు చెప్పలేదా?" ఆమె జవాబు చెప్పే స్థితిలో లేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. నేను తిడుతూ తిడుతూ ఏడ్చేశాను.

మూడు రోజులు అక్కడే ఉంచారు. గుండె మీద కూడా భారం పడిందని, ఇకముందు ఒక్క పూట తప్పినా కష్టమేనని డాక్టరు కవితను పక్కకు పిలిచి చెప్పాడు. ఇంటికి తీసుకొచ్చాక కవిత తల్లి కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ రోజు షాపుకు పోలేదు.

"ఎందుకే అవ్వా? ఎందుకు బంద్ జేసినవ్?"

"నన్ను ఊర్ల దింపు బిడ్డా" అంది ఆండాలమ్మ. "ఆడ కరెంటు ఉంటె పెట్టుకుంట, లేకుంటె లేదు. ఎవ్వలకు లెక్క జెప్పే పని లేదు."

"నేను కడతనంటి గదనే! నీకేమన్న బరువైందా?"

ఆండాలమ్మ కూతుర్ని కాదు, నన్నూ నీలాను చూసి మాట్లాడింది. మధ్య మధ్య ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ. "టీచరమ్మా, జర నువ్వే జెప్పు. నలుగురి జీవాలు కలిపి ఒక్క మంద జేస్తం. గట్టు మీద మేసినంతసేపు అందరియి. మంద పెట్టినందుకు వచ్చింది గూడ ఎవలకెన్ని జీవాలుంటె గంత పంచుకుంటం. గని ఒక్క గొర్రె గట్టు దాటి చేన్ల పడ్డదనుకో. జుర్మానా ఎవ్వనిది? గా గొర్రె ఆసామిదే. మందకు పంచుతరా? మీ రెండొందలు గట్టే గదా. దాటే గొర్రెను నేను. నా బిడ్డ తొమ్మిది గంటలు నిలబడి సంపాయించింది నా జుర్మానాకు పెట్టాల్నా? అందుకే గట్టు మీదనే ఉండాలనుకున్న. పగటీలి ఆపితె దాటనని నాకు నేనే లెక్క గట్టుకున్న."

నేను నోరు తెరిచాను, కానీ ఏం చెప్పాలి? గొర్రెల సంగతి నాకేం తెలుసు? పోనీ, మా చట్టం తప్పని చెబుదామంటే మే నెలలో ఆ చట్టం కిందే నీలా పదహారు వందలు కట్టింది. ఆ పిల్ల ఎదురుగా ఇప్పుడు నోరెలా వస్తుంది? నీలాకు ఒక న్యాయం, కవిత తల్లికి ఒక న్యాయమా? "నీది వద్దులే పెద్దమ్మా, మేం పెట్టుకుంటాం" అన్నాను చివరికి. ఆమె తల అడ్డంగా ఆడించింది.

"ఉత్తగ పెడితె నేను పెట్టుకోను. కవితా, బ్యాగు సర్దు."

కవిత లేవలేదు. తల్లి తనే లేవబోయింది. రెండడుగులు వేసేసరికి ఆయాసంతో కూలబడింది. కవిత గొట్టం పెట్టబోతే ఆ చెయ్యి తోసేసింది. ఊరికి పోతే ఈ మనిషి వారం బతకదని హాల్లో ఉన్న అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

అప్పుడు నీలా నోరు విప్పింది. నీలా కోపంగా మాట్లాడటం నేను చూసింది అదే మొదటిసారి.

"పెద్దమ్మా, మీ మందల జుర్మానా కట్టిన ఆసామి తర్వాత ఏం జేస్తడు?"

"ఏం జేస్తడు? గొర్రెను కట్టేస్తడు."

"నేను గూడ గదే జేసిన" అంది నీలా. "పదహారు వందలు కట్టినంక కూలర్ బంద్ వెట్టిన. జూన్ల గూడ ఎండలు కొట్టినయ్. తడి తువ్వాల మెడకేసుకోని కూసున్న. ముక్కుల నెత్తురు కారింది రెండుసార్లు. ఇంటికి గూడ జెప్పలే. ఎందుకంటె రూల్ మంచిదే అనుకున్న, నేనే చెడ్డదాన్ననుకున్న. ఇప్పుడు నిన్ను జూస్తె తెలుస్తున్నది. ఆ రూల్ బిల్లు పంచుతలేదు. మనుషులను బంద్ జేస్తున్నది."

కవిత తలెత్తి నీలాను చూసింది. ముక్కు నుంచి నెత్తురు కారిన సంగతి మా ఇద్దరికీ తెలియదు. ఒకే కప్పు కింద ఉంటున్నాం!

"అందుకే నా పైసలు నాకు కావాలె" అంది నీలా. "మే నెల బిల్లు మళ్లా పంచుదాం. నాకు రావాల్సింది ఇయ్యుండ్రి. మీరు ఇస్తె ఆ రూల్ సచ్చినట్టు. ఇయ్యకుంటె అది బతికే ఉన్నట్టు, పెద్దమ్మ ఊరికి పోవాల్సిందే."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది. పాతది సరిదిద్దకుండా కొత్తది మారిస్తే ఆండాలమ్మకు అది దయగానే ఉంటుంది. దయ ఆమెకు వద్దు. న్యాయం అందరికీ మారితే అప్పుడు ఆమె కాదనలేదు.

నేల మీద కూర్చుని మే నెల బిల్లు మళ్లీ పంచాం. కూలర్ తిన్న అరవై యూనిట్లు నీలావి, అందులో గొడవ లేదు. మిగిలిన రెండొందల యూనిట్లను ఎవరు ఎన్ని రోజులున్నారో దాన్నిబట్టి విడగొట్టాం. నేనున్నది పదకొండు రోజులే గనుక నా వంతు నూట ఎనభై అయిదు పడింది. నేను లేని రోజుల్లో కూడా ఫ్రిజ్ తిరిగిందిగా, అందులో నా ఊరగాయ ఉందిగా అని రెండొందలు చేశాను. కవిత వంతు అయిదొందల ఇరవై. లెక్క తేలగానే కవిత లేచి, డబ్బులు తెచ్చి, నీలా చేతిలో పెట్టింది. పెట్టి ఆ చెయ్యి వదల్లేదు. "తప్పు నాదే నీలా. నేను లెక్కనే చూసిన, నిన్ను చూడలే" అని బావురుమంది. కవిత అలా ఏడుస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆండాలమ్మ ఇదంతా కళ్లార్పకుండా చూసింది. "అయితె ఇగ నా వంతు?" అంది.

"నీ మిషన్ తిన్నది నీది" అన్నాను. "మిగతాది నలుగురం, ఉన్న రోజుల లెక్కన. హద్దు దాటడం ఒక్కరి తప్పు కాదు పెద్దమ్మా. నీ అయిదు యూనిట్లే దాటించాయని ఎట్లా అంటావ్? నా ఇస్త్రీ పెట్టె దాటించలేదా? నీలా కంప్యూటర్ దాటించలేదా? ఆఖరున వచ్చినదాన్ని పట్టుకుని దొంగ అంటే ఎట్లా?"

"మరి నెట్టు? రోజు నా ముసలాయనతోని బొమ్మల ఫోన్ మాట్లాడుతున్న గదా."

"నువ్వు మాట్లాడినా మాట్లాడకున్నా అది ఏడొందలే పెద్దమ్మా. నీతోని ఒక్క రూపాయి పెరగలే" అంది నీలా.

"గట్లయితె ఎందుకిస్త? ఇయ్య." ఆమె కొంచెం నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. "కరెంటుల నా వంతు మాత్రం నేనే కడత. కవిత పైసలు కాదు, నాయి. ముసలాయనకు ఫోన్ జెయ్యుండ్రి, ఒక పొట్టేలు అమ్మమని జెప్త."

కవిత గొట్టం తీసి తల్లి చెవుల మీదుగా సర్దింది. ఈసారి ఆమె చెయ్యి తొయ్యలేదు. మిషన్ స్విచ్ ఆండాలమ్మే తన వేలితో వేసుకుంది.

డిసెంబర్ మొదటి వారంలో బిల్లు వచ్చింది. రెండొందల పదకొండు యూనిట్లు, పన్నెండు వందల ఇరవై రూపాయలు. మా ముగ్గురికీ తలా నూట తొంభై, ఆండాలమ్మకు ఆరొందల యాభై. ఆమె నోట్లు ఒక్కొక్కటిగా తడిమి లెక్కపెట్టి నా చేతికిచ్చి, "రాసుకో టీచరమ్మా, నలుగురి పేర్లు రాసుకో" అంది. బిల్లు కాగితం వెనక రాశాను. ఆమె చదువుకోలేదు గానీ, తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ఆ రోజంతా ఆమె గొంతులో ఎంత దర్జా ఉందో చెప్పలేను. నీలాను పిలిచి, "పిల్లా, కరెంటు కట్టిన మనిషిని, జర ఫ్యాన్ తగ్గియ్యి" అని హుకుం జారీచేసింది.

జనవరిలో కూడా బిల్లు దాటింది. ఆమె వంతు ఆమె కట్టింది. పండక్కి వాళ్లాయన వచ్చి పోయాడు. ఆమె రోజురోజుకీ తగ్గిపోతోందని మాకు కనిపిస్తూనే ఉంది. కానీ మళ్లీ ఒక్క పూట కూడా మిషన్ ఆపలేదు. పగలు చప్పుడు తనకే బాగా వినపడాలని నీలా తలుపు కింది తువ్వాల తీసేసింది. కస్టమర్లు అడిగితే, "మా ఇంట్ల పెద్దమనిషి ఉన్నది సార్" అని చెప్పేదట. ఆ చప్పుడు గురించి టీమ్ లీడర్ ఏమన్నాడో మాత్రం మాకు చెప్పలేదు.

జనవరి ఆఖర్లో ఒక ఉదయం కవిత ఆమెకు తల దువ్వుతోంది. "టీచరమ్మ జడ లెక్క నూనె పెట్టకు" అందట. కవిత నవ్వి దువ్వెనతో చిక్కు తీస్తుంటే ఆమె తల పక్కకు ఒరిగింది. అంతే. ఏ బాధా పడలేదు. మిషన్ నడుస్తూనే ఉంది. మా ముగ్గురిలో ఎవరికీ దాన్ని ఆపడానికి చెయ్యి రాలేదు. మధ్యాహ్నానికి హాలియా నుంచి దుర్గయ్య వచ్చాడు. భార్య ముఖం చూశాడు. తర్వాత గుర్రుమంటున్న డబ్బాను చూసి, "ఇది ఇంకా నడవాల్నా బిడ్డా?" అని అడిగాడు. ఆయనే వంగి ప్లగ్గు తీశాడు.

మార్చి మొదటి వారంలో, మిషన్ తిరగని మొదటి నెలకు, బిల్లు కొట్టే అతను వచ్చాడు. మెట్ల కింద మీటరు చూసి, చేతిలోని మిషన్‌లో నొక్కి, కాగితం చింపి ఇచ్చాడు. "జీరో వచ్చిందక్కా. నూట పద్నాలుగే కాలింది."

కవిత ఆ కాగితం తీసుకుని చూసింది. "అన్నా, ఒక్కసారి మళ్లా సూడు. తక్కువొచ్చింది" అంది.

అతను నవ్వాడు. "ఎక్కువొచ్చిందని కొట్లాడేటోళ్లను జూసిన గని, తక్కువొచ్చిందని అడిగేటోళ్లను జూడలేదక్కా."

"కాదన్నా, తప్పొచ్చింది" అంది కవిత. "మేము నలుగురం ఉంటం."

అతను మెట్ల మీద నిలబడ్డ మా ముగ్గురినీ చూశాడు. వంగి, మీటరు మీది అంకెలు మళ్లీ పైకి చదివాడు.